ఫీజు పెంచే కాగితం ఎలా రాయాలి
(ఖమ్మంలో ప్రైవేటు బడుల కరస్పాండెంట్లు, ప్రిన్సిపాళ్ల సమావేశంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు, గోడ పక్కన నిలబడ్డ ఆఫీసు గుమస్తాలకు నమస్కారం. గుమస్తాలు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. నేను మాట్లాడబోయే కాగితం టైపు చేసేది మీరు, అది ఇంటికి చేరాక కౌంటరు దగ్గర మాటలు పడేదీ మీరే.

నాకు ఇచ్చిన అంశం "పాఠశాల, తల్లిదండ్రుల సంబంధాలు". అది చాలా పెద్దది. నేను ఒక్క కాగితం గురించే మాట్లాడతాను. ఏటా మీరు పంపే ఫీజు పెంపు నోటీసు. గత ఏడాది నా చేతికొచ్చిన ఒకటి చదువుతాను, వినండి.

"తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, అనివార్య కారణముల వలన ఈ విద్యా సంవత్సరము నుండి ఫీజులు పెంచబడినవి. వివరములకు ఆఫీసునందు సంప్రదించవలెను. గడువులోగా చెల్లించని యెడల విద్యార్థిని తరగతికి అనుమతించబడదు. ఈ విషయమై ఎట్టి చర్చకు తావు లేదు. యాజమాన్య నిర్ణయమే తుది నిర్ణయము."

ఇందులో ఎంత పెరిగిందో లేదు. ఎందుకు పెరిగిందో లేదు. ఎప్పటిలోగా కట్టాలో కూడా లేదు, గడువు అన్నారు గానీ తేదీ వేయలేదు. బెదిరింపు ఒక్కటే స్పష్టంగా ఉంది.

ఈ కాగితం నా దగ్గరికి తెచ్చింది మా వీధిలో బట్టలు కుట్టే ఒక తల్లి. కూతురు అప్పుడు ఆరో తరగతిలోకి వచ్చింది. బడి తెరిచిన రోజున, అంటే జూన్ 12న, పిల్ల చేతికి ఇచ్చారు. పిల్ల చదువుకుంది. అమ్మ దగ్గర డబ్బు లేదని దానికి తెలుసు. మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో, స్కేలు కింద పెట్టేసింది. నాలుగు రోజుల తర్వాత పెన్సిల్ చెక్కడానికి బాక్సు తెరిస్తే గానీ తల్లికి దొరకలేదు. ఆమె నా ముందు కూర్చుని ఫీజు ఎక్కువని అనలేదండీ. "సార్, జూన్, జూలైలో నాకు యూనిఫాంల సీజన్. రాత్రింబవళ్లు కుడతాను. ఆ డబ్బు జూలై ఆఖరుకి గానీ చేతికి రాదు. మార్చిలోనే ఒక్క మాట చెప్తే నేను చూసుకునేదాన్ని కదా. ఇప్పుడు ఇంకో బడికి పోదామన్నా సీట్లు అయిపోయాయి" అంది.

మీలో ఎంతమంది నోటీసు జూన్‌లో ఇస్తారు? చేతులెత్తండి. నేను పేర్లు రాసుకోను. చూశారా, సగానికి పైనే. జూన్‌లో ఇచ్చే నోటీసులో ఎంత తియ్యటి మాటలు రాసినా లాభం లేదు. అప్పటికి ఆ తల్లికి ఉండాలా, పోవాలా అని ఆలోచించుకునే వీలే ఉండదు. ఫిబ్రవరిలో ఇవ్వండి. కనీసం మార్చిలో, వార్షిక పరీక్షలకు ముందు ఇవ్వండి. నేను మర్యాద అని దేన్నంటున్నానో అది ఇక్కడ మొదలవుతుంది, "గౌరవనీయులైన" అనే మాట దగ్గర మొదలవదు.

ఆ బడి కరస్పాండెంట్ నా దగ్గర చదువుకున్నవాడే. వెళ్లి అడిగాను. కోపం తెచ్చుకోలేదు. "సార్, మీరే రాసివ్వండి, వచ్చే ఏడాది అదే పంపుతాను" అన్నాడు. సరే, రాద్దాం, కారణాలు చెప్పు అన్నాను. "అన్నీ పెరిగాయి కదా సార్" అన్నాడు. ఏవి, ఎంత? లెక్కల పుస్తకం తీయించాను.

ఇక్కడ కాస్త నిదానంగా వినండి. ఆ బడిలో 400 మంది పిల్లలు. సగటున ఒక్కొక్కరి ఫీజు 20,000. అంటే ఏడాదికి 80 లక్షలు. వచ్చే జూన్ నుంచి తలకు 3,000 పెంచుదామని అతని ఆలోచన, అంటే 12 లక్షలు. జీతాలకు 42 లక్షలు అవుతున్నాయి. పది శాతం పెంచితే 4 లక్షల 20 వేలు, దాని మీద యాజమాన్యం కట్టాల్సిన పీఎఫ్ 12 శాతం చొప్పున సుమారు 50 వేలు. అద్దె, కరెంటు కలిపి ఇంకో 80 వేలు. మొత్తం ఐదున్నర లక్షలు. పిల్లవాడికి 1,375 రూపాయలు. మరి 3,000 ఎక్కడిది?

మిగతా డబ్బు ఐదు డిజిటల్ బోర్డులకు. ఒక్కోటి లక్షా 20 వేలు, మొత్తం 6 లక్షలు. పిల్లవాడికి 1,500. ఆపైన ఉన్న 125 అంకె గుండ్రంగా ఉండాలని వేసింది.

బోర్డులు కొనకూడదని నేను అనను. మిగులే ఉండకూడదని కోర్టులు కూడా అనలేదు. 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు సంస్థ అభివృద్ధికి సమంజసమైన మిగులు ఉండవచ్చంది, లాభాపేక్ష కూడదంది. కానీ ఒక్క ప్రశ్న అడిగాను. బోర్డులు ఒక్కసారే కొంటావు. ఫీజులో కలిపిన 1,500 మరుసటి ఏడాది తీసేస్తావా? తీసేసిన బడి నేను చూడలేదు. ఐదో తరగతి పిల్లవాడు పదో తరగతికి వచ్చేసరికి ఆ బోర్డుకి ఎన్నిసార్లు డబ్బు కట్టినట్టు?

అతను ఆలోచించి, ఐదేళ్లకు పరుద్దాం సార్ అన్నాడు. ఏడాదికి లక్షా 20 వేలు, పిల్లవాడికి 300. అప్పుడు పెంపు 1,675కి దిగింది. 1,700 చేద్దామన్నాడు. వద్దన్నాను. గుండ్రటి అంకె చూస్తే ఎవరికైనా ఇది ఊహించి వేసిందే అనిపిస్తుంది. 1,675 అని ఉంటే ఎవరో కూర్చుని లెక్క కట్టారని తెలుస్తుంది.

మీరు గమనించాల్సింది ఇదే. మేము మాటలు మారుద్దామని కూర్చున్నాం, మారింది అంకె. కారణం రాయబోతే రాయడానికి రాని డబ్బు ఎక్కడుందో బయటపడింది. మీ నోటీసులో "అనివార్య కారణాలు" అని టైపు చేయడానికి వేలు వెళ్తున్నదంటే, కింద ఏదో ఒక మొత్తానికి కారణం లేదని అనుమానించండి.

ఒక ప్రిన్సిపాల్ గారు టీ దగ్గర నన్ను అడిగారు, లెక్కలన్నీ బయటపెడితే బేరాలాడరా అని. లెక్కలన్నీ పెట్టమని నేను చెప్పడం లేదు. పెరిగినది మాత్రమే చూపండి. జీతాలు మొత్తంగా చెప్పండి, ఏ టీచరు జీతమూ విడిగా బయటపడకూడదు. ఇంకో సంగతి. నోటీసులో టీచర్ల జీతాలు అని రాస్తే పెంచి తీరాలి. ఆ కాగితం మీ స్టాఫ్ రూములో కూడా చదువుతారు. మీ టీచర్ల పిల్లలు మీ బడిలోనే చదువుతారు. పెంచకుండా పెంచామని రాస్తే, ఆ సంగతి ఊరికి చేరడానికి వారం పట్టదు. 1994లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో ఎంఎస్ నంబర్ 1 ఫీజు రాబడిలో సగం సిబ్బంది జీతాలకే పోవాలంది, యాజమాన్యానికి 5 శాతం అంది. ఆ ఒక్క లెక్క మీ బడిలో ఎలా ఉందో ఇంటికి వెళ్లి చూసుకోండి, నాకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మేము రాసిన కాగితం.

"అమ్మానాన్నలకు నమస్కారం. వచ్చే జూన్ నుంచి మీ పాప ఫీజు ఏడాదికి 20,000 నుంచి 21,675 రూపాయలు అవుతుంది. పెరిగేది 1,675. బస్సు ఫీజు పెరగదు. పుస్తకాలు, యూనిఫాం బడిలోనే కొనాలన్న నియమం లేదు.

పెరిగినదానిలో 1,175 రూపాయలు టీచర్లు, ఆయాలు, డ్రైవర్ల జీతాలకు, పీఎఫ్‌కు. 200 రూపాయలు అద్దెకు, కరెంటుకు. 300 రూపాయలు ఐదు తరగతి గదుల్లో పెట్టే డిజిటల్ బోర్డులకు. ఈ 300 ఐదేళ్లు మాత్రమే తీసుకుంటాం, ఆ తర్వాత ఫీజులో నుంచి తీసేస్తాం.

ఫీజు మూడు వాయిదాల్లో కట్టవచ్చు. జూలై 31, నవంబర్ 30, ఫిబ్రవరి 15. ఈ తేదీలు మీకు కుదరకపోతే కుదిరే తేదీ మీరే చెప్పండి, రాసుకుంటాం. ఈ పెంపు మీద ఏమైనా అడగాలన్నా, ఇబ్బంది ఉందన్నా మార్చి మొదటి వారం సాయంత్రం 4 నుంచి 6 గంటల వరకు నేను ఆఫీసులో ఉంటాను. ఫీజు గురించి మీ పాపతో మేము మాట్లాడం, మీతోనే మాట్లాడతాం."

కింద కరస్పాండెంట్ సంతకం, ఫోన్ నంబరు. "యాజమాన్యం" అని ముద్ర కొట్టి వదిలేయలేదు.

వాయిదా తేదీలు ఎందుకు అలా పెట్టామో చెప్పాలి. జూలై ఆఖరు ఆ దర్జీ తల్లి కోసం, ఆమెలాంటి వాళ్లు ఆ బడిలో ఇంకా ఉన్నారు. నవంబరుకి పత్తి డబ్బు వస్తుంది. ఫిబ్రవరికి మిర్చి మన మార్కెట్ యార్డులోకి దిగుతుంది. మీ బడి చుట్టూ ఉన్నది ఉద్యోగస్తులైతే మీ తేదీలు వేరు. ఎవరింట్లో డబ్బు ఎప్పుడు ఆడుతుందో మీ గుమస్తాకు తెలుసు, ఆయన్ని అడగండి.

చివరి వాక్యం దగ్గర అతను చాలాసేపు ఆగాడు. "పిల్లలతో చెప్పకపోతే వసూలు కాదు సార్" అన్నాడు. దీని మీద నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, పెద్దలు మన్నించండి. ప్రార్థనలో పేర్లు చదవడం, క్లాసులో నిలబెట్టడం, పరీక్ష రోజున బయట కూర్చోబెట్టడం, ఇవన్నీ మన ఊళ్లో జరుగుతున్నాయి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ని బడి నుంచి తీసేయకూడదు. "తరగతికి అనుమతించబడదు" అని అచ్చు వేసిన నోటీసు మీ మీద మీరే రాసిచ్చిన సాక్ష్యం. చట్టం సంగతి అలా ఉంచండి. ఒక్క పిల్ల ఆ కాగితాన్ని స్కేలు కింద దాచిందంటే, నాలుగు రోజులు అది ఏం పాఠం విన్నదో చెప్పండి. ఏమీ విననప్పుడు మీరు ఆ నాలుగు రోజులకు ఫీజు దేనికి తీసుకున్నట్టు?

అందుకే పిల్లల చేతికి ఇవ్వకండి. పేరెంట్స్ మీటింగులో తల్లికో తండ్రికో ఇవ్వండి, రానివాళ్లకు ఫోన్ చేసి పిలవండి.

ఫలితం అడుగుతారు, చెప్తాను. మార్చి మొదటి వారంలో కొందరు వచ్చారు. ఎక్కువమంది వాయిదా తేదీ మార్చుకోవడానికే వచ్చారు. ఒకాయన మాత్రం బోర్డులు మా చిన్నోడి తరగతిలో లేవు కదా, ఆ 300 మేమెందుకు కట్టాలి అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. బోర్డులు ఆరు నుంచి పది వరకే. కరస్పాండెంట్ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. చిన్న తరగతులకు ఆ 300 తీసేస్తే పెద్ద తరగతుల మీద ఎంత పడుతుందో అతను ఇప్పుడు లెక్క వేస్తున్నాడు.

నాకు ఇచ్చిన సమయం దాటింది, అధ్యక్షులవారు చూస్తున్నారు. భోజనాలకు ఇంకా అరగంట ఉంది. మీ నోటీసులు తెమ్మని ముందే కబురు పెట్టాను, తెచ్చినవాళ్లు బయటికి తీయండి. గుమస్తాలు కుర్చీలు ఇటు తిప్పండి. ఎంత పెరిగింది, దేనికి పెరిగింది, ఈ రెండూ లేని కాగితాలు ముందు నాకివ్వండి.