ట్రిగ్గర్ తగిలింది, షేర్లు మాత్రం అమ్ముడుపోలేదు

అందరికీ నమస్తే. హన్మకొండలో షేర్ల గురించి మాట్లాడమంటే మొదట ఏ షేర్ కొనాలో చెప్పమంటారు, అది నేను చెప్పను. కొన్నాక ఎట్లా బయటపడాలో చెప్తాను, ఎందుకంటే నా డబ్బులు ఎక్కువగా పోయింది అక్కడే.

మనందరికీ తెలిసిన ఎనుమాముల మార్కెట్ నుంచే మొదలుపెడదాం. ఒక రైతు కోల్డ్ స్టోరేజీలో మిర్చి పెట్టి అడ్తిదారుతో ఇట్లా అంటాడనుకోండి: "క్వింటాల్ ధర 14,000కు దిగితే అమ్మేయ్, కానీ 13,800కు తక్కువైతే ఇవ్వకు." ఇందులో రెండు అంకెలు ఉన్నాయి. మొదటిది ట్రిగ్గర్, అంటే ఎప్పుడు అమ్మకానికి పెట్టాలో చెప్పేది. రెండోది లిమిట్, అంటే ఎంతకు తక్కువైతే ఇవ్వొద్దో చెప్పేది. స్టాప్ లిమిట్ ఆర్డర్ అంటే ఇంతే. ధర మెల్లగా దిగితే బాగానే పని చేస్తుంది. ఒకరోజు పొద్దున పాట 13,200 దగ్గర మొదలైతే? అడ్తిదారు మిర్చిని అమ్మకానికి పెడతాడు, 13,800కు కొనేవాడు లేడు, బస్తాలు అక్కడే ఉంటాయి.

నాకు సరిగ్గా ఇదే జరిగింది. 500 రూపాయల చొప్పున 100 షేర్లు కొని, 480 ట్రిగ్గర్, 478 లిమిట్ పెట్టుకున్నాను. మామూలు స్టాప్‌లాస్ ఆర్డర్ ఆ రోజు సాయంత్రానికే రద్దయిపోతుంది కాబట్టి, ట్రిగ్గర్ తగిలేదాకా రోజుల తరబడి ఉండే జీటీటీ ఆర్డర్‌గా పెట్టాను. మార్కెట్ మూసేశాక కంపెనీ ఫలితాలు వచ్చాయి, తెల్లారి షేర్ 455 దగ్గర తెరుచుకుంది. ఫోన్‌లో ట్రిగ్గర్ అయిందని మెసేజ్ చూసి, 2 వేలు పోతే పోయాయిలే అని పనిలో పడ్డాను. సాయంత్రం చూస్తే షేర్లు నా దగ్గరే ఉన్నాయి, ధర 441. నా 478 ఆర్డర్ రోజంతా కొనేవాళ్లు లేక ఖాళీగా కూర్చుని, మూడున్నరకు రద్దయింది. పైగా జీటీటీ ఒకసారి ట్రిగ్గర్ అయితే దాని పని అయిపోయినట్టే, కాబట్టి మర్నాటికి నాకు ఏ రక్షణా లేదు.

మరి లిమిట్ లేకుండా, ట్రిగ్గర్ కాగానే ఎంతకైనా అమ్మేసే మార్కెట్ స్టాప్ పెట్టొచ్చు కదా అంటారు. రోజూ బాగా చేతులు మారే షేర్లకు పర్వాలేదు. కొనేవాళ్లు పలచగా ఉండే ఆప్షన్లలో అది ఏ ధరకో తగులుకుంటుంది, అందుకే ఎన్‌ఎస్‌ఈ 2021 సెప్టెంబర్ 27 నుంచి ఆప్షన్లలో దాన్ని ఆపేసింది. అక్కడ స్టాప్ లిమిటే దిక్కు.

నేను ఇప్పుడు చేసేది ట్రిగ్గర్‌కు, లిమిట్‌కు మధ్య ఎడం పెంచడం. 480 ట్రిగ్గర్‌కు 465 లిమిట్ పెడతాను. చాలామంది భయపడతారు, 465కే అమ్ముడుపోతుందేమోనని. పోదు. 479కు కొనేవాడు ఉంటే 479కే పోతుంది, 465 అనేది ఆఖరి హద్దు మాత్రమే. అయినా 455 దగ్గర తెరుచుకుంటే ఇదీ ఆదుకోదు, ఆ రోజుకు ధర ఇక దిగకూడదనే హద్దు, అంటే లోయర్ సర్క్యూట్ పడి కొనేవాడే లేకపోతే ఏ స్టాపూ ఆదుకోదు.

ఇక ఓసీఓ. 480కి దిగితే నష్టంతో, 550కి ఎక్కితే లాభంతో బయటపడాలి, రోజంతా స్క్రీన్ చూసే తీరిక లేదు, అట్లాంటి వాళ్ల కోసం ఇది. రెండు ఆర్డర్లు విడివిడిగా పెడితే ఇంట్రాడేలో ఒకటి అమ్ముడయ్యాక రెండోది కూడా తగిలి, లేని షేర్లు అమ్మినట్టవుతుంది. ఓసీఓలో ఒకటి తగలగానే రెండోది దానంతట అదే పోతుంది. కిటుకు ఇక్కడే ఉంది: జీటీటీ ఓసీఓలో రెండోది పోయేది మొదటిది ట్రిగ్గర్ అయినప్పుడు, అమ్ముడయినప్పుడు కాదు. నా కేసులో ఓసీఓ పెట్టి ఉంటే, షేర్లు చేతిలోనే ఉండి 550 టార్గెట్ కూడా మాయమయ్యేది.

ట్రెయిలింగ్ స్టాప్‌ది వేరే సంగతి. ఎంత పెరుగుతుందో తెలియదు, పెరిగినంతసేపు ఉండాలి అనుకున్నప్పుడు ఇది. 20 రూపాయల దూరం పెడితే, షేర్ 540కి ఎక్కినప్పుడు స్టాప్ 520కి ఎక్కుతుంది, షేర్ 530కి దిగినా స్టాప్ మాత్రం దిగదు. అయితే ఆ షేర్ మామూలుగానే రోజుకు 25 రూపాయలు అటూ ఇటూ ఊగేదైతే, 20 దూరం పెట్టడం అంటే ఏ కారణం లేకుండా బయటికి వచ్చేయడమే. నేను 14 రోజుల సగటు ఊపు చూసి దానికి రెండింతలు పెడతాను. ఒకే రేంజ్‌లో తిరిగే షేర్‌కు మాత్రం ఇది పెట్టను.

డీమ్యాట్‌లో ఉన్న షేర్లకు జీటీటీ పెట్టేవాళ్లు, అమ్మినప్పుడు షేర్లు తీసుకోమని బ్రోకర్‌కు ఒకేసారి ఇచ్చే అనుమతి, అంటే డీడీపీఐ ఇచ్చారో లేదో ఒకసారి చూసుకోండి. అది లేక, ఆ రోజు టీపిన్‌తో అనుమతీ ఇవ్వకపోతే, ట్రిగ్గర్ అయ్యాక ఆర్డర్ రిజెక్ట్ అవుతుంది.

మెసేజ్ వచ్చిందంటే ఇప్పుడు నేను ముందు ఆర్డర్ బుక్ తెరుస్తాను. ఆర్డర్ ఇంకా ఓపెన్ అని కనిపిస్తే, అమ్ముడుపోలేదన్నమాట. అప్పుడు లిమిట్ దించి అక్కడికక్కడే వదిలించుకుంటాను, లేదా ఉంచుకోవాలనుకుంటే కొత్త ట్రిగ్గర్ పెట్టుకుంటాను. ఫలితాలు వచ్చే ముందు రోజైతే స్టాప్ మీద భారం వేయకుండా, సగం షేర్లు మూడున్నర లోపే అమ్మేస్తాను.