ప్రెసిడెన్స్ డయాగ్రమ్‌లో లీడ్, ల్యాగ్: ఒకే జతకు రెండు బాణాలు వచ్చినప్పుడు

నమస్కారం. పనుల క్రమాన్ని పెట్టెలు, బాణాలతో చూపే ప్రెసిడెన్స్ డయాగ్రమ్ లెక్కల్లో విద్యార్థులు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది రెండు పనుల మధ్య రెండు సంబంధాలు ఇచ్చిన చోటనే. అందుకే ఈ వీడియోలో ఆ ఒక్క సందర్భాన్నే నింపాదిగా చూద్దాం.

తిరుపతిలో అలిపిరి వైపు ఒక కల్యాణ మండపానికి ప్రహరీ గోడ కడుతున్నారనుకుందాం. A అంటే పునాది తవ్వకానికి 10 రోజులు, B అంటే పునాది కాంక్రీటుకు 5, C అంటే గోడ కట్టడానికి 8, D అంటే పూతకు 6 రోజులు పడతాయి.

[తెరపై: నాలుగు పెట్టెలు A, B, C, D, మధ్యలో బాణాలు]

```
A→B : SS+3, FF+2
B→C : FS+3
C→D : FS-2
```

S అంటే పని ఆరంభం, అది పెట్టె ఎడమ అంచు; F అంటే ముగింపు, అది కుడి అంచు. బాణం పెట్టె ఏ అంచున మొదలై ఏ అంచున ముగుస్తుందో అదే సంబంధాన్ని చెబుతుంది. SS అయితే ఎడమ అంచు నుంచి ఎడమ అంచుకు, FF అయితే కుడి అంచు నుంచి కుడి అంచుకు, FS అయితే కుడి అంచు నుంచి తర్వాతి పెట్టె ఎడమ అంచుకు గీయాలి. కాంక్రీటు క్యూరింగ్ కోసం ఆగే 3 రోజులు ల్యాగ్. గోడ పూర్తి కావడానికి 2 రోజుల ముందే పూత మొదలుపెట్టడం లీడ్, కనుక దానికి మైనస్ గుర్తు. ల్యాగ్‌కు వేరే పెట్టె గీయకండి, సంఖ్యను బాణం మీదనే రాయండి.

[తెరపై: ముందు వరుస లెక్క]

సున్నా నుంచి లెక్కిస్తే A 0లో మొదలై 10లో ముగుస్తుంది. SS+3 ప్రకారం B 3లో మొదలై 8లో ముగియవచ్చు. అయితే FF+2 ప్రకారం B ముగింపు 12 కంటే ముందు రాకూడదు, అంటే మొదలు 7 కావాలి. రెండు మొదలు తేదీల్లో పెద్దదే తీసుకుంటాం కాబట్టి B 7 నుంచి 12. SS చూసి ఆగిపోయినవారికి తవ్వకం 10లో ముగియకముందే కాంక్రీటు 8లో ముగిసిపోతుంది. తప్పు అక్కడే కనిపిస్తుంది. ఇక C 15 నుంచి 23, D 21 నుంచి 27. ప్రాజెక్టు వ్యవధి 27 రోజులు.

[తెరపై: వెనుక వరుస లెక్క]

వెనక్కి వచ్చేటప్పుడు ల్యాగ్‌ను తీసివేస్తాం. లీడ్ మైనస్ కనుక తీసివేత కూడికగా మారుతుంది: C ఆలస్య ముగింపు 21-(-2)=23. దీన్ని 19గా రాస్తే C ఆలస్య ఆరంభం 11 అవుతుంది, కానీ ముందస్తు ఆరంభం 15; ఇలా ఆలస్య, ముందస్తు ఆరంభాల తేడా అయిన ఫ్లోట్ -4 వచ్చిందంటే గుర్తు తప్పిందని వెంటనే తెలుసుకోవచ్చు. C ఆలస్య ఆరంభం 15 కాబట్టి B ముగింపు 15-3=12, ఆరంభం 7. A కు మళ్లీ రెండు దారులున్నాయి: SS ద్వారా ఆరంభం 7-3=4, అంటే ముగింపు 14; FF ద్వారా ముగింపు 12-2=10. వెనుక వరుసలో చిన్నదే తీసుకోవాలి కనుక A ఆలస్య ముగింపు 10, ఫ్లోట్ సున్నా. నాలుగు పనులకూ ఫ్లోట్ సున్నాయే కనుక అన్నీ క్రిటికల్‌వే, కానీ A నుంచి B కి ఆ దారి సాగేది FF బాణం మీదుగానే. కాబట్టి క్రిటికల్ పాత్‌ను ముదురు గీతతో చూపమంటే SS బాణాన్ని మామూలు గీతగానే వదిలేయండి.