డిస్కౌంట్ ఆపండి, తరుగు చూపించండి: హ్యాండ్‌మేడ్ లెదర్ బ్యాగు రేటు లెక్క

హాయ్ అందరికీ. ఈ వీడియో చెయ్యడానికి కారణం కోపం, దాచేదేం లేదు. చేత్తో లెదర్ బ్యాగులు కుట్టే పేజీలు చాలా ఫాలో అవుతా, నేనూ కుడతా కాబట్టి. పండగొస్తే చాలు, అందరూ ఫ్లాట్ 20 పర్సెంట్ ఆఫ్ అని ఎర్ర బ్యానర్ వేసేస్తారు. ఎందుకన్నా అంటే "ఆ రేటుకి ఎవరూ కొనట్లేదు" అంటారు. మరి ఆ రేటు ఎందుకో ఎప్పుడైనా చెప్పావా? చెప్పలేదు. నున్నటి బ్యాగు ఫొటో, కింద "ప్రేమతో చేసినది", రేటు అడిగితే "ఇన్‌బాక్స్ చూడండి". అబ్బా, ఈ ఇన్‌బాక్స్ చూడండి ఒకటి!

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఆఫీసుకి తీసుకెళ్ళే ఒక బ్యాగు అనుకోండి, రేటు 8,500. చెట్ల బెరడుతో ఊనిన వెజ్ ట్యాన్ తోలు 9 చదరపు అడుగులు, అడుగు 220 చొప్పున 1,980. ఇత్తడి బకిల్స్, దారం, జిప్పు, లైనింగ్ అన్నీ కలిపి 720. కూలి 16 గంటలు, గంటకి 150 వేసుకుంటే 2,400. ప్యాకింగ్, కొరియర్ 400. మొత్తం 5,500, అంటే మిగిలేది 3,000. మీ ఊళ్ళో తోలు రేటు వేరే ఉండొచ్చు, మీ అంకెలు మీరు వేసుకోండి.

ఇప్పుడు 20 పర్సెంట్ తగ్గించారు, అంటే 1,700 పోయింది. అది తోలు కొట్టువాడి డబ్బులోంచి పోదు, కొరియర్ వాడి డబ్బులోంచి పోదు, నీ 3,000లోంచే పోతుంది. మిగిలింది 1,300. నెలకి 12 బ్యాగులు కుడితే ముందు 36,000 మిగిలేది, డిస్కౌంట్‌లో అంతే మిగలాలంటే 28 బ్యాగులు అమ్మాలి. ఒక్కోటి 16 గంటలు, 28 అంటే 448 గంటలు, నెలంతా రోజుకి 15 గంటలు కూర్చోవాలి! ఫ్యాక్టరీ అయితే ఇంకో షిఫ్ట్ వేసి ఎక్కువ తీస్తుంది, వాడికి డిస్కౌంట్ పనిచేస్తుంది. నీకున్నవి రెండే చేతులు, పది ఆర్డర్లు ఎక్కువొస్తే కుట్టేది ఎవరు?

సరే, మరేం చెయ్యాలి. బంగారం కొట్టుకి వెళ్దాం. మన ఇళ్ళల్లో బిల్లు చదవడం రానివాళ్ళక్కూడా తరుగు, మజూరీ అంటే తెలుసు. ఇంత బరువు, ఇంత తరుగు, ఇంత మజూరీ అని విడివిడిగా రాసిస్తాడు. మా పెద్దమ్మ తరుగు దగ్గర అరగంట గొడవ పడుతుంది, కానీ గొలుసు మొత్తం సగం రేటుకి ఇవ్వమని అడగదు. ఎందుకంటే డబ్బు దేనికి పోతోందో ఆవిడకి కనిపిస్తోంది. మన బ్యాగుకి కూడా తరుగు ఉంది, మజూరీ ఉంది. మనమే చూపించట్లేదు, నాలుగు పోస్టుల్లో చూపిద్దాం.

మొదటి పోస్టు తరుగు మీద.

[టేబుల్ మీద తోలు పరిచి, సుద్దతో గీస్తూ]

ఇదిగో చూడండి, ఇది మొత్తం తోలు. ఇక్కడ ముళ్ళకంప గీసుకున్న గీత, ఇక్కడ పిడుదులు కుట్టిన మచ్చలు, ఇది వాత పెట్టిన గుర్తు. ఈ పొట్ట భాగం పట్టుకుని లాగితే సాగుతుంది, దీంతో పిడి చేస్తే బరువుకి పొడుగైపోతుంది. వీటన్నిటి చుట్టూ సుద్దతో గీసి, మిగిలిన చోట అట్ట నమూనాలు పెట్టి కోస్తాం. 9 అడుగులు కొంటే బ్యాగులోకి వెళ్ళేది ఆరున్నర, రెండున్నర అడుగులు పక్కకి, అంటే 550 రూపాయల తరుగు. వీడియోలో సుద్ద గీతలు గీయడం చూపించండి, కింద ఆ 550 రాయండి. అంతే, మ్యూజిక్ కూడా అక్కర్లేదు. పైగా మచ్చలన్నీ ఇసకకాగితంతో గీకేసి పైన ప్లాస్టిక్ లాంటి పూత వేసిన తోలు చవగ్గా ఎందుకొస్తుందో కూడా చూసేవాళ్ళకి అర్థమైపోతుంది, మీరు ఎవర్నీ తిట్టక్కర్లేదు.

వెజ్ ట్యాన్ గురించి ఒక్క ముక్క. క్రోమ్‌తో అయితే పచ్చి చర్మం ఒకట్రెండు రోజుల్లో తోలుగా ఊనుతుంది, చెట్ల బెరడుతో అయితే వారాలు పడుతుంది. పాతరోజుల్లో మన దగ్గర తంగేడు చెక్క, కరక్కాయ వాడేవాళ్ళు. అవును, బతుకమ్మలో పెట్టే తంగేడే! ఇది చెప్పకుండా "ప్రీమియం క్వాలిటీ" అని రాసుకుంటారు, నాకు మండేది అందుకే. కానీ ఇవాళ మీరు కొనే తోలు దేంతో ఊనిందో కొట్టువాణ్ణి అడిగి అదే రాయండి, తంగేడు కథ బాగుందని అతికించకండి.

రెండో పోస్టు మజూరీ మీద, నాకు ఇష్టమైనది ఇదే. మిషన్ కుట్టులో పై దారం ఒకటి, కింద బాబిన్ దారం ఒకటి, రెండూ మధ్యలో మెలిపడి ఉంటాయి. ఒక చోట తెగితే లాగేకొద్దీ వదులైపోవచ్చు. శాడిల్ స్టిచ్‌లో ఒకటే దారం, రెండు కొసలకీ రెండు సూదులు, ఆరెతో పెట్టిన ఒక్కో బొక్కలోంచి రెండు వైపుల నుంచీ వెళ్తుంది. ఒక కుట్టు తెగినా పక్కది పట్టుకుని ఉంటుంది. గుర్రపు జీన్లు కుట్టే పద్ధతి ఇది, 1837లో పారిస్‌లో గుర్రపు సామాన్ల వర్క్‌షాప్‌గా మొదలైన ఎర్మెస్ అనే ఖరీదైన బ్యాగుల కంపెనీ వాళ్ళు ఇప్పటికీ ఇదే కుడతారు.

దీన్ని మాటల్లో చెప్పకండి. రెండు తుక్కు ముక్కలు తీసుకోండి, ఒకటి మిషన్ మీద, ఒకటి చేత్తో కుట్టండి. కెమెరా ముందు రెండిట్లోనూ మూడు కుట్లు బ్లేడుతో కోసి లాగండి. ఒకటే షాట్, కట్ చెయ్యొద్దు, కట్ చేస్తే నమ్మరు. కింద మజూరీ లెక్క: బ్యాగంతా కలిపి 4 మీటర్ల కుట్టు, 4 మిల్లీమీటర్లకొకటి చొప్పున వెయ్యి కుట్లు, నిమిషానికి మూడు పడితే ఐదున్నర గంటలు కుట్టుకే. బంగారం కొట్లో మజూరీ కాగితం మీద అంకె మాత్రమే, మన దగ్గర అది కళ్ళ ముందు కనిపిస్తుంది, ఆ విషయంలో మనమే నయం.

ఒక జాగ్రత్త. లైనింగ్ మిషన్ మీద కుడితే "లైనింగ్ మిషన్ కుట్టు" అని రాసేయండి, గుడ్డకి అదే మంచిది కూడా. మొత్తం మిషన్ మీద కుట్టి హ్యాండ్‌మేడ్ అంటే తెలిసినవాళ్ళు ఫొటో జూమ్ చేసి పట్టేస్తారు, చేతి కుట్టు మామూలుగా కాస్త ఏటవాలుగా పడుతుంది. అలాగే వెజ్ ట్యాన్ మీద నీళ్ళు పడితే మరకలొస్తాయి, అదీ ముందే చెప్పండి, లేకపోతే మొదటి వానకి రిటర్న్ వస్తుంది.

అయ్యో, టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా. మూడో పోస్టు అంచులు: గీకడం, తడపడం, రుద్దడం, మళ్ళీ రుద్దడం, పది సెకన్లు చాలు. నాలుగోది కస్టమర్ దగ్గర రెండేళ్ళు వాడిన బ్యాగు, కొత్తదాని పక్కన పెట్టి, రంగు ఎలా ముదిరిందో. అన్నిట్లోనూ రేటు కనపడేలా రాయండి, బంగారం కొట్టువాడు కూడా ఇవాళ్టి రేటు బోర్డు మీదే రాస్తాడు.

"ఇదే బ్యాగు బజార్లో 900కి వస్తుంది" అని కామెంట్ వస్తే వాదించకండి, బ్లేడు వీడియో లింక్ పెట్టి ఊరుకోండి. ఎవరైనా తగ్గించమంటే ఆ తరుగు ముక్కల్తో కీచైన్ చేసి ఇవ్వండి, దానికి తోలు ఖర్చు ఆల్రెడీ లెక్కలో పడిపోయింది, ఇరవై నిమిషాల పని. నిజంగా డిస్కౌంట్ ఇవ్వాలనుకుంటే మచ్చ పడ్డ పీస్ మీద ఇవ్వండి, ఆ మచ్చ చూపించి, కారణం రాసి.

ఇవి పనిచేస్తున్నాయా లేదా అని లైకులు చూడకండి, మెసేజ్‌లు చూడండి. "లాస్ట్ ప్రైస్ ఎంత" తగ్గి "బ్రౌన్ ఉందా, ల్యాప్‌టాప్ పడుతుందా" పెరిగితే పనిచేస్తున్నట్టే. రెండు మూడు నెలలైనా మొదటి రకమే వస్తుంటే బహుశా మీ పోస్టులు తప్పు మనుషులకి వెళ్తున్నాయి, లేదా ఆ 16 గంటల్లో నాలుగు గంటలు పని నెమ్మదివల్ల పోతున్నాయి, అది కస్టమర్ నెత్తిన వెయ్యలేం. అంచులు రుద్దేది వివరంగా కావాలంటే కామెంట్లో అడగండి, దానికి వేరే వీడియో చేస్తా.