బస్తా మీది మాట, పొలంలోని మాట

సభకు నమస్కారం.

రైతులకు ఇచ్చే సాగు సూచనలు రాసేవాళ్లు, దిద్దేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఇంగ్లిషు మాటను ఉంచాలా, తెలుగు మాట పెట్టాలా అన్న ప్రశ్నను అన్ని శాస్త్రాలకూ కలిపి చర్చించడం నాకు ఇష్టం లేదు. వరికి ఎరువులు చెప్పే ఒక్క కరపత్రాన్ని ముందు పెట్టుకుని మాట్లాడతాను.

ఎరువుల గురించి రాసేటప్పుడు మనమందరం మూడు మాటలను వరసగా చెబుతాం: నత్రజని, భాస్వరం, పొటాష్. మొదటి రెండూ సంస్కృతం తీరున పుట్టి తెలుగైపోయాయి. మూడోది ఇంగ్లిషు. మూడూ పక్కపక్కన కూర్చున్నా చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. నత్రజని కూడా ఒకప్పుడు ఎవరో కూర్చి పెట్టిన మాటే. అది పొలంలోకి వెళ్లి బతికింది. దానితోపాటే పుట్టిన ఆమ్లజనిని ఇవాళ ఎవరూ వాడరు, ఆక్సిజన్ అనే అంటారు. కాబట్టి కల్పించిన మాటలు నిలవవు అనడమూ తప్పే, ఇంగ్లిషు మాటలన్నీ భాషను పాడుచేస్తాయి అనడమూ తప్పే.

నేను ప్రతి మాట దగ్గరా ఒకటే అడుగుతాను. ఈ కాగితం చదివిన మనిషి ఈ మాట పట్టుకుని తర్వాత ఎక్కడికి వెళతాడు? ఎరువుల దుకాణానికా, పొలం గట్టుకా, మట్టి పరీక్ష చేసే చోటికా?

ఈ ప్రశ్న వేసుకోవడం నాకు నేను చేసిన ఒక తప్పే నేర్పింది. చాలా ఏళ్ల క్రితం ఒక కరపత్రంలో జింక్ అన్న మాట కొట్టేసి యశదం అని దిద్దాను. నిఘంటువు ప్రకారం సరైన మాటే. ఒక పెద్దాయన ఆ కాగితం తీసుకుని దుకాణానికి వెళితే, అలాంటి మందు తమ దగ్గర లేదన్నారట. బస్తా మీద ఉన్నది జింక్ సల్ఫేట్. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చిన పైరుకు లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తే సరిపోయేది. ఆయన ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. అప్పటి నుంచి డబ్బు పెట్టి కొనే వస్తువు పేరును నేను మార్చను. యూరియా, డీఏపీ, జింక్ సల్ఫేట్, జిప్సం బస్తా మీద ఎలా ఉంటే అలాగే, తెలుగు లిపిలో. పురుగు మందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఎసిఫేట్, ఎసిటామిప్రిడ్ వేర్వేరు మందులు, మోతాదులూ వేరు. అక్షరం తడబడితే మందే మారిపోతుంది.

ఇక నత్రజని, భాస్వరం దగ్గరికి వద్దాం. ఈ మధ్య కొందరు యువ సంపాదకులు బడి పుస్తకాలతో పోలిక కోసం వీటిని నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం అని మారుస్తున్నారు. ఆధునికంగా కనిపిస్తుందని వాళ్ల ఉద్దేశం. కానీ నత్రజని సంగతి ఎలా ఉన్నా, మిగతా రెండింటి దగ్గర అర్థమే మారుతుంది. ఎరువుల లెక్కలో భాస్వరం అంటే P₂O₅ రూపంలో లెక్కగట్టిన పరిమాణం. పొటాష్ అంటే K₂O. డీఏపీలో 46 శాతం భాస్వరం అంటాం గాని, అందులో ఫాస్ఫరస్ అనే మూలకం దాదాపు 20 శాతమే. 46 శాతం ఫాస్ఫరస్ అని రాస్తే అది అబద్ధం. రసాయన శాస్త్ర పాఠంలో ఫాస్ఫరస్, ఎరువుల లెక్కలో భాస్వరం అని ఉంచుకుంటే మన భాషకు ఒక సౌకర్యం అమరుతుంది. ఇంగ్లిషులో రెండు చోట్లా ఫాస్ఫరస్ అనే రాసేవాళ్లు ఈ తేడా చెప్పడానికి వివరణ ఇచ్చుకోవాలి. చేతికొచ్చిన ఆ సౌకర్యాన్ని మనం పోగొట్టుకోకూడదు.

అయితే మాట సరైనదైనంత మాత్రాన సూచన సరిగా అందదు. ఎకరానికి నత్రజని 48 కిలోలు, భాస్వరం 24, పొటాష్ 16 అని ఒక సూచన ఉందనుకుందాం. నత్రజని అంటే యూరియాకు ఇంకో పేరు అనుకునే రైతు 48 కిలోల యూరియా తూస్తాడు. యూరియాలో నత్రజని 46 శాతమే కాబట్టి పైరుకు అందేది 22 కిలోలు, అంటే సగం కూడా కాదు. అందుకే పోషకం పేరు చెప్పిన వెంటనే బస్తా లెక్క చెప్పాలి. 50 కిలోల డీఏపీ బస్తా ఒకటి వేస్తే భాస్వరం 23 కిలోలు, దానితోపాటు నత్రజని 9 కిలోలు వస్తాయి. మిగిలిన 39 కిలోల నత్రజనికి 85 కిలోల యూరియా కావాలి. 45 కిలోల బస్తాలు రెండు తెస్తే 5 కిలోలు మిగులుతుంది. పొటాష్ కోసం 60 శాతం ఉండే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 27 కిలోలు సరిపోతుంది. పోషకానికి తెలుగులో నాటుకున్న మాట, వస్తువుకు బస్తా మీది మాట: రెండూ ఒకే పేరాలో పక్కపక్కన ఉండాలి.

ఇప్పుడు పొలంలో కంటికి కనిపించే వాటి సంగతి. నా దగ్గరికి వచ్చిన ఒక ప్రతిలో నత్రజనిని బేసల్‌గా, యాక్టివ్ టిల్లరింగ్ స్టేజీలో, పానికిల్ ఇనిషియేషన్ స్టేజీలో అప్లై చేయాలని ఉంది. ఇందులో ఒక్క ఇంగ్లిషు మాటకూ చోటు లేదు. ఆఖరి దమ్ములో, దుబ్బు చేసే దశలో, అంకురం ఏర్పడే దశలో మూడు సమభాగాలుగా వేయాలి. ఈ మాటలు రైతు నోట ఉన్నవే. పైరును చూసి రోజు నిర్ణయించుకోవాల్సింది ఆయన, కాబట్టి ఆయన చూసే చూపులోని మాటే కావాలి. అప్లై చేయడం అసలు సాంకేతిక పదమే కాదు. వేయడం, చల్లడం, పిచికారీ చేయడం అని మనకు మూడు వేర్వేరు పనులకు మూడు మాటలున్నాయి. వాటిని ఒకే మాటలో కలిపేస్తే చదివేవాడికి స్పష్టత తగ్గుతుంది.

చౌడు నేలల విషయంలో పల్లె మాట పుస్తకం మాటను మించిపోయింది. నేల మీద తెల్లని ఉప్పు పొర కట్టేది పాలచౌడు. నల్లగా మారి, తడిస్తే బురదై, ఎండితే గట్టిపడి నీరు ఇంకనివ్వనిది కారుచౌడు. మొదటిదానికి మంచి నీరు పెట్టి ఉప్పును కడిగి మురుగు కాలువల్లోకి పంపాలి. రెండోదానికి ముందు జిప్సం వేయాలి, ఆ తర్వాతే కడగాలి. క్షార నేలలు అని రాస్తే తప్పు కాదు. కానీ గట్టు మీద నిలబడినవాడు రంగు చూసి పోల్చుకోవడానికి కారుచౌడు అన్న పేరే పనికొస్తుంది. నేను రెండింటినీ ఒకసారి కలిపి చెప్పి, ఆ తర్వాత కారుచౌడునే వాడతాను.

పల్లె మాట ప్రతిసారీ గెలవదు, ఇది కూడా చెప్పాలి. దోమ అన్న మాటనే తీసుకోండి. వరిలో సుడిదోమ, పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ. దోమ పడింది, మందు కొట్టండి అని రాస్తే ఏ మందో తెలియదు. ఒక ప్రాంతంలో సుడిదోమ అన్నదాన్ని ఇంకోచోట దోమపోటు అంటారు. అలాంటప్పుడు పేరును నమ్ముకుని ఊరుకోకుండా, దుబ్బు మొదట్లో నీటి మట్టానికి కాస్త పైన గోధుమ రంగు పురుగులు గుంపులుగా ఉంటాయని, పైరు అక్కడక్కడా గుండ్రంగా ఎండిపోతుందని ఒక వాక్యం చేర్చాలి. పురుగుకు, తెగులుకు మధ్య గీత కూడా చెరగకూడదు. అగ్గి తెగులు శిలీంధ్రం వల్ల వచ్చేది, పురుగు మందు దానికి పని చేయదు.

నాకు ఇంకా తేలనిది పీహెచ్. మన వ్యవసాయ పుస్తకాలు దాన్ని ఉదజని సూచిక అంటాయి. హైడ్రోజన్‌కు ఉదజని అన్న మాట ఇప్పుడు వాడుకలో లేదు కాబట్టి ఆ పేరు వినగానే ఎవరికీ ఏమీ తట్టదు. పీహెచ్ అన్నా తట్టదు, కానీ పరీక్ష చేసే అబ్బాయి నోట వినబడేది అదే. ప్రస్తుతానికి నేను పీహెచ్ అనే రాసి, 7 కన్నా ఎంత పైకి వెళితే నేలలో క్షారగుణం అంత ఎక్కువని, 8.5 దాటితే కారుచౌడేమో పరీక్ష చేయించాలని పక్కనే రాస్తున్నాను. ఇంతకన్నా మంచి మాట మీ ఊళ్లో ఎవరైనా వాడుతుంటే, మధ్యాహ్నం కూర్చున్నప్పుడు నాకు చెప్పండి, రాసుకుంటాను.