ఓపెన్ ఇంట్రెస్ట్ పడిపోతే అందరూ పారిపోయినట్టేనా?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చెబుతూ కూర్చుంటే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోతుంది, మన్నించండి. ఫ్యూచర్స్ గురించి, అంటే ఒక సరుకును రాబోయే తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకుని కొనే, అమ్మే కాంట్రాక్టుల గురించి మొత్తం మాట్లాడమన్నారు కానీ, నేను ఓపెన్ ఇంట్రెస్ట్ అనే ఒక్క విషయమే చెబుతాను, ఎందుకంటే దాన్ని తప్పుగా చదివి నేను డబ్బు పోగొట్టుకున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఉదయం రవి కొత్తగా 10 కాంట్రాక్టులు కొన్నాడు, సీత కొత్తగా అమ్మింది. వాల్యూమ్ 10, ఓపెన్ ఇంట్రెస్ట్ కూడా 10. కాసేపటికి రవి తన 10 గోపికి అమ్మేసి బయటపడ్డాడు. వాల్యూమ్ 20 అయింది, ఓపెన్ ఇంట్రెస్ట్ మాత్రం 10 దగ్గరే ఉంది, రవి స్థానంలోకి గోపి వచ్చాడంతే. తర్వాత సీత 4 కాంట్రాక్టులు తిరిగి కొంది, అమ్మింది గోపి. ఇద్దరూ పాతవాళ్లే, ఇద్దరూ తగ్గించుకున్నారు. వాల్యూమ్ 24కి పెరిగింది, ఓపెన్ ఇంట్రెస్ట్ 6కి తగ్గింది. చూశారా, వాల్యూమ్ ఆ రోజు ఎన్ని చేతులు మారాయో చెబుతుంది, మర్నాడు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఓపెన్ ఇంట్రెస్ట్ ఇంకా తేలకుండా మిగిలినవెన్నో చెబుతుంది, అది మర్నాటికీ కొనసాగుతుంది.

ఒక శిక్షణ క్లాసులో నాకు "ఓపెన్ ఇంట్రెస్ట్ పెరిగితే కొనేవాళ్లు ఎక్కువైనట్టు" అని నేర్పారు. ఎలా ఎక్కువవుతారండీ? కొన్న ప్రతి కాంట్రాక్టుకీ అవతల అమ్మినవాడు ఒకడున్నాడు! ఆ మిగిలిన 6లో గోపి కొన్నవాడు, సీత అమ్మినది, రెండు వైపులా 6 చొప్పునే.

ఇక నా సంగతి. ఎక్స్‌పైరీకి, అంటే కాంట్రాక్టు గడువు ముగియడానికి, కొద్ది రోజుల ముందు నేను పట్టుకున్న నెల కాంట్రాక్టులో ఓపెన్ ఇంట్రెస్ట్ సుమారు 40 వేల నుంచి 15 వేలకు పడిపోయింది, వాల్యూమేమో విపరీతంగా ఉంది. ఆ రెండూ కలిపి చూసేసరికి టెన్షన్ పట్టుకుంది, అందరూ వదిలించుకుని పారిపోతున్నారనుకుని నష్టానికి అమ్మేశాను. నిజానికి జరిగింది రోలోవర్. కొని పట్టుకున్నవాళ్లు ఈ నెలది అమ్మి అదే చేత్తో వచ్చే నెలది కొన్నారు, అమ్మి ఉన్నవాళ్లు ఈ నెలది కొని వచ్చే నెలది అమ్మారు. అందుకే రెండు నెలల్లోనూ వాల్యూమ్ పొంగింది. వచ్చే నెల కాంట్రాక్టులో 8 వేలున్నది 32 వేలైంది, నేను ఆ వరుస వైపు చూడనేలేదు. రెండు నెలలూ కలిపి చూడండి, ముందు 48 వేలు, తర్వాత 47 వేలు. మొత్తం మీద తగ్గింది వెయ్యే!

దయచేసి ఫోన్లు తీయండి, ఇప్పుడే చూడండి. ఒక్క నెల వరుస చూసి ఆగకండి, అదే సరుకు మీద ఉన్న నెలలన్నీ కూడండి. కూడినా ధర ఎటు వెళుతుందో తెలియదు, ఎవరు ఎందుకు పట్టుకున్నారో తెలియదు. పంట ధర పడిపోతుందేమోనని ముందే అమ్మిపెట్టుకున్న రైతూ, ధర పడాలని పందెం కాసినవాడూ ఆ అంకెలో ఒకేలా కనిపిస్తారు.