ఇవాళ్టి ప్యాకేజీ, నాలుగేళ్ల తర్వాతి ఉద్యోగం

శ్రోతలందరికీ నమస్కారం. ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాక ఇళ్లల్లో ఏం మాట్లాడుకుంటారో మీకు తెలుసు కదా, ఏ బ్రాంచ్‌కి ప్యాకేజీ ఎక్కువ, ఫలానా వాళ్లబ్బాయికి ఎంతొచ్చింది, ఇవే. ఆ అంకె నిజమే అయినా అది నాలుగేళ్ల కిందట చేరినవాళ్లది. ఇవాళ సీటు తీసుకున్న పిల్లలు ఉద్యోగాల కోసం వచ్చేసరికి ఇంకో నాలుగేళ్లు పడుతుంది, పైగా అదే అంకె చూసి చేరినవాళ్లంతా వీళ్లతో పాటే బయటికొస్తారు. పోయినేడు మిర్చికి రేటొచ్చిందని ఈ ఏడు ఊరంతా మిర్చి వేస్తే ఏమవుతుందో అదే. అమెరికాలో రిచర్డ్ ఫ్రీమన్ అనే ఆర్థికవేత్త 1976లోనే ఇంజినీర్ల జీతాల మీద ఈ సంగతి రాశాడు.

మన దగ్గర జరిగిందే చూద్దాం. 2021-22లో ఐటీ కంపెనీలు ఎగబడి తీసుకున్నాయి, ఒక్క ఇన్ఫోసిస్సే ఆ ఏడాది 85 వేల మంది ఫ్రెషర్లని తీసుకుంది. అది చూసి ఎంతమంది కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లుంటారో ఊహించండి. అదే కంపెనీ 2023-24లో తీసుకున్న ఫ్రెషర్లు సుమారు 12 వేల మంది, మొత్తం ఉద్యోగుల సంఖ్య కూడా ఆ ఏడాది దాదాపు 26 వేలు తగ్గింది.

మరి ముందే తెలుసుకునే దారి లేదా అంటే ఉంది, అట్రిషన్ అని ఒక అంకె ఉంటుంది, అంటే ఏడాదిలో మానేసి వెళ్లిపోయేవాళ్ల శాతం, ఈ పెద్ద ఐటీ కంపెనీలు మూడు నెలలకోసారి ఫలితాలతో పాటు చెప్తాయి. 2022 జూన్‌కి ఇన్ఫోసిస్‌లో అది 28 శాతం దాటింది. అంటే అప్పటి హైరింగ్‌లో చాలా భాగం కొత్త పని వచ్చి కాదు, వెళ్లిపోయినవాళ్ల కుర్చీలు నింపడానికి. 2024 మార్చికి అది 12.6 శాతానికి దిగింది, జనం కదలడం మానేశారు, ఖాళీలు తగ్గాయి, దానికి తోడు విదేశీ క్లయింట్లు ఖర్చు తగ్గించుకున్నారు, ఫ్రెషర్లకి తలుపు మూసుకుంది. అందుకే ఎంతమందిని తీసుకున్నారు అనే ఒక్కటే చూడకండి, మొత్తం ఉద్యోగులు ఎంత పెరిగారో కూడా చూడండి. లక్షమందిని తీసుకుని ఎనభై వేలమంది వెళ్లిపోతే నిజంగా పెరిగింది ఇరవై వేలే కదా.

ఇంక జీతం సంగతి. పెద్ద ఐటీ సర్వీస్ కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ ప్యాకేజీ 2012 ప్రాంతంలో మూడు లక్షల పైచిలుకు, పన్నెండేళ్ల తర్వాత కూడా మూడున్నర దగ్గరే. ఈలోపు ధరల సూచీ 2012ని వందగా పెట్టుకుంటే 2024 చివరికి 190 దాటింది, అంటే అప్పటి మూడుంపావు లక్షలతో కొన్నవి ఇప్పుడు కొనాలంటే ఆరు లక్షల పైన కావాలి. ఉద్యోగాల సంఖ్య పెరిగినా మొదటి జీతం కదలట్లేదంటే అర్థం ఒకటే, ఆ జీతానికి వచ్చేవాళ్లు క్యూలో బోలెడుమంది ఉన్నారు. ఏ ఫీల్డ్‌కైనా రెండూ కలిపే చూడాలి, హైరింగ్‌తో పాటు మొదటి జీతం కూడా ధరలకంటే వేగంగా పెరుగుతుంటే అక్కడ నిజంగా మనుషుల కొరత ఉన్నట్టు.

కాలేజీ ఫ్లెక్సీ మీద హయ్యెస్ట్ ప్యాకేజీ నలభై లక్షలని ఉంటుంది చూడండి, దాని లెక్క ఎలా ఉంటుందంటే పదిమందికి ఉద్యోగాలొచ్చాయనుకోండి, ఒకరికి నలభై, తొమ్మిదిమందికి మూడున్నర, సగటు తీస్తే ఏడు లక్షల పైన వస్తుంది, కానీ జీతాలన్నీ వరసలో పెట్టి మధ్యలోది చూస్తే మూడున్నరే. ఆ మధ్యదాన్నే మీడియన్ అంటారు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసే కాలేజీలు దాన్ని ఇవ్వాల్సిందే, వాటి వెబ్‌సైట్‌లో ఆ పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో టైమ్‌కి డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఎంతమంది, ప్లేస్ అయినవాళ్లు ఎంతమంది, పై చదువులకి వెళ్లినవాళ్లు ఎంతమంది అని కూడా ఉంటుంది. మీడియన్ ప్లేస్ అయినవాళ్లదే కాబట్టి ఉద్యోగం రానివాళ్లు అందులో కనిపించరు, పాసైనవాళ్లలోంచి ఈ రెండు సంఖ్యలూ తీసేసి ఎంతమంది మిగిలారో మీరే చూసుకోవాలి. మూడేళ్ల ఫైళ్లు పక్కపక్కన పెడితే ఇంకా బాగా తెలుస్తుంది.

ఒక్క ఇబ్బంది ఏంటంటే అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది, బ్రాంచ్ వారీగా ఉండదు. కాబట్టి వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్లి, పోయినేడు ఈ బ్రాంచ్ ఫైనలియర్‌లో ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి ఆఫర్లు వచ్చాయి, వాళ్లలో నిజంగా జాయిన్ అయినవాళ్లు ఎంతమంది అని అడగండి, ఎందుకంటే ఆఫర్ లెటర్ చేతికిచ్చి నెలల తరబడి జాయినింగ్ డేట్ ఇవ్వని ఉదాహరణలు 2022 తర్వాత చాలా చూశాం. అలాగే ఆ బ్రాంచ్‌లో ఈ ఏడాది సీట్లు ఎన్ని పెంచారో కూడా అడగండి, ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024-25లో బ్రాంచ్ సీట్ల మీద పరిమితి తీసేసింది కాబట్టి నాలుగేళ్ల తర్వాత మీ పిల్లల పక్కన నిలబడేది ఎంతమందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.