షాపు పేరు మారుస్తున్నారా? పాత కస్టమర్లకి ఎలా చెప్పాలి

[తెరపై: బట్టల షాపు ముందు భాగం. పాత బోర్డు మీద "శ్రీ లక్ష్మి క్లాత్ స్టోర్స్"]

వాయిస్: ఒక ఊహాత్మక షాపు తీసుకుందాం. జిల్లా కేంద్రంలో మెయిన్ బజారు, చీరలు, డ్రెస్ మెటీరియల్, పైన బ్లౌజులు కుట్టే విభాగం. పేరు శ్రీ లక్ష్మి క్లాత్ స్టోర్స్. అదే బజారులో లక్ష్మి పేరుతో ఇంకో రెండు షాపులున్నాయి. కస్టమర్ "లక్ష్మికి వెళ్లా" అంటే ఏ లక్ష్మో తెలియదు. అందుకని ఓనరు "చీరంచు" అని కొత్త పేరు పెడదామనుకున్నారు. న్యూమరాలజీ కోసం పేరులో ఒక అక్షరం చేర్చేవాళ్లకి ఈ వీడియో అక్కర్లేదు. ఆ తేడాని ఎవరూ గమనించరు కూడా.

పూర్తిగా కొత్త పేరు వచ్చినప్పుడు పాత కస్టమర్ మనసులో పుట్టే మొదటి అనుమానం ఒకటే: "షాపు ఎవరికైనా అమ్మేశారా?" దాని వెనకాలే, "మరి నేనిచ్చిన అడ్వాన్సు?" మీ ప్రకటన మొత్తం ఈ రెండు ప్రశ్నలకి జవాబుగా ఉండాలి. కొత్త పేరు ఎంత బాగుందో, దాని అర్థమేంటో వాళ్లు తర్వాత తీరిగ్గా వింటారు.

[తెరపై పెద్ద అక్షరాల్లో: "శ్రీ లక్ష్మి క్లాత్ స్టోర్స్ ఇకపై చీరంచు. అదే షాపు, అదే ఓనరు, అదే ఫోన్ నంబరు."]

వాయిస్: ముందు ఒక వాక్యం రాసుకోండి. కౌంటర్ మీద, బ్యాగు మీద, వాట్సాప్‌లో, ఫోన్లో, అంతటా అదే వాక్యం, ఒక్క మాట కూడా మార్చకుండా. అందులో పాత పేరు ముందు రావాలి. "చీరంచు" అని మొదలుపెడితే చదివేవాళ్లు ఎవరో కొత్తవాళ్ల ప్రకటన అనుకుని దాటేస్తారు. తెలిసిన పేరు కనపడితేనే కన్ను ఆగుతుంది. 2007లో హచ్ వొడాఫోన్ అయినప్పుడు చెప్పింది కూడా అంతే, "హచ్ ఇప్పుడు వొడాఫోన్" అని. ప్రకటనల్లో అందరికీ అలవాటైన ఆ కుక్కపిల్లని కూడా అలాగే ఉంచారు.

ఆ వాక్యం పక్కన రాకూడని మాట "గ్రాండ్ ఓపెనింగ్". ఫ్లెక్సీ వేసేవాళ్లు అడక్కుండానే ఆ మాట పెట్టేస్తారు, తీయించండి. ఓపెనింగ్ అంటే కొత్త షాపు, అంటే పాతది మూసేశారు అని అర్థం. "నూతన యాజమాన్యం" అయితే మరీ చేటు. రంగు కూడా ఇప్పుడే మార్చకండి. పాత బోర్డు మెరూన్ మీద పసుపు అక్షరాలైతే కొత్తదీ అలాగే ఉండనివ్వండి. చాలామంది మీ షాపుని పేరు చదివి గుర్తుపట్టరు. మెరూన్ బోర్డు, పక్కన మెడికల్ షాపు, కౌంటర్లో మీరు, అదీ వాళ్లకున్న గుర్తు. వీటిలో ఒక్కసారి ఒక్కటే మారాలి. లోగో, రంగులు మార్చే ఆలోచన ఉంటే ఏడాది ఆగండి.

[తెరపై: ఆషాఢం, శ్రావణం నెలల క్యాలెండర్]

వాయిస్: బట్టల షాపుకి ఈ పనికి ఆషాఢం బాగా కలిసొస్తుంది. డిస్కౌంట్ సేల్ కోసం పాత కస్టమర్లు ఎలాగూ షాపుకొస్తారు. కొత్త బోర్డు ఆషాఢంలో కట్టడానికి ఎవరికీ మనసొప్పదు కాబట్టి చెప్పడానికి నెల రోజుల టైము దొరుకుతుంది. ఆషాఢమంతా నోటితో చెప్పడం, బ్యాగుల మీద రెండు పేర్లూ వేయడం. శ్రావణం మొదట్లో మంచిరోజు చూసి బోర్డు మార్చడం. బోర్డు మారాకే విషయం తెలిసిన కస్టమర్, "మాకెందుకు చెప్పలేదు" అని అడుగుతుంది. లేదా అడక్కుండానే పక్క షాపుకెళ్తుంది.

[తెరపై: అడ్వాన్సుల పుస్తకం, కుట్టు విభాగం రసీదులు]

వాయిస్: అందరికంటే ముందు చెప్పాల్సింది మీ దగ్గర డబ్బో బట్టో ఉన్నవాళ్లకి. పెళ్లి చీరలకి అడ్వాన్సు ఇచ్చినవాళ్లు, బ్లౌజు పీసులు ఇచ్చి వెళ్లినవాళ్లు, చీర వాపసిచ్చి బదులు స్లిప్పు తీసుకున్నవాళ్లు. పుస్తకాలు తిరగేసి జాబితా రాయండి. అరవై మంది తేలారనుకుందాం. రోజుకి ఇరవై ఫోన్లు చేస్తే మూడు రోజుల పని. వీళ్లకి మెసేజ్ సరిపోదు, ఓనరు గొంతు వినపడాలి.

[తెరపై: ఫోన్ సంభాషణ]

ఓనరు: నమస్తే అమ్మా, శ్రీ లక్ష్మి క్లాత్ స్టోర్స్ నుంచి. శ్రావణం నుంచి మన షాపు పేరు చీరంచు అని మారుస్తున్నాం. షాపు మాదే, నేనే ఉంటాను. మీరిచ్చిన ఐదు వేల అడ్వాన్సు మా పుస్తకంలో ఉంది, పాత రసీదే తీసుకురండి.

కస్టమర్: అదేంటి బాబూ, అమ్మేశారా?

ఓనరు: లేదమ్మా, బోర్డు ఒక్కటే మారుతోంది. మన బజారులో లక్ష్ములు ముగ్గురయ్యారు కదా, అందుకని.

వాయిస్: అడ్వాన్సు మొత్తాన్ని ఓనరే పలికాడు, గమనించారా? కస్టమర్ అడిగేదాకా ఆగితే ఆ ఫోన్‌కి విలువ సగమే. పేరు ఎందుకు మారుతోందో కూడా ఒక్క ముక్కలో చెప్పేశాడు. కారణం చెప్పకపోతే ఊళ్లోవాళ్లే ఒకటి కల్పిస్తారు, అప్పులనీ, అన్నదమ్ముల గొడవలనీ.

ఖాతా కస్టమర్లకి మాత్రం వేరే జాగ్రత్త కావాలి. "అది పాత షాపు బాకీ కదా" అనేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. పేరు మారకముందే ఒక్కొక్కరికీ బాకీ ఎంతో చెప్పి, వాట్సాప్‌లో "సరే" అనిపించుకోండి.

[తెరపై: వాట్సాప్ బిజినెస్, బ్రాడ్‌కాస్ట్ లిస్ట్]

వాయిస్: మిగతావాళ్లకి వాట్సాప్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒక బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, కాబట్టి ఏడు వందల నంబర్లుంటే మూడు లిస్టులు కావాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి, మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. మీరు ఏడు వందల మందికి పంపాననుకుంటారు, చేరింది ఎందరికో తెలియదు. పంపిన మెసేజ్ మీద నొక్కి "ఇన్ఫో"లో చూస్తే ఎవరికి అందిందో పేర్లతో వస్తుంది. రెండు రోజులైనా అందనివాళ్లలో పాత, పెద్ద కస్టమర్లు ఎవరో చూసి విడిగా ఫోన్ చేయండి.

కస్టమర్ల ఫోన్లలో మీ నంబరు "లక్ష్మి క్లాత్" అని సేవ్ అయి ఉంటుంది. దాన్ని మార్చుకోమని అడగకండి. ఆ పాత పేరుతో మెసేజ్ వస్తేనే నమ్మి తెరుస్తారు. ఈ లెక్కన ఫోన్ నంబరు ఎట్టి పరిస్థితిలోనూ మారకూడదు. మెసేజ్‌లు రెండు చాలు, ఒకటి పది రోజుల ముందు, ఇంకోటి బోర్డు మారిన రోజు షాపు ముందు మీరు నిలబడ్డ ఫొటోతో. ఫొటోలో మీ ముఖం ఉంటే "అదే ఓనరు" అన్న మాటకి వేరే రుజువు అక్కర్లేదు.

[తెరపై: కౌంటర్ మీద క్యూఆర్ స్టాండ్. స్కాన్ చేసిన ఫోన్లో వేరే పేరు]

వాయిస్: ఇప్పుడు అసలు చిక్కు. బోర్డు మీద చీరంచు, బ్యాగు మీద చీరంచు, స్కాన్ చేస్తే ఫోన్లో పాత పేరో, ఓనరు భార్య పేరో వస్తుంది. క్యూఆర్ స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ అంటించి డబ్బు కొట్టేసిన మోసాల గురించి అందరూ విన్నారు, కాబట్టి కస్టమర్ వేలు ఆగిపోతుంది. ఇది ఎందుకు జరుగుతుందంటే, మర్చంట్ క్యూఆర్ అయితే ఆ యాప్ దగ్గర మీరు నమోదు చేసిన షాపు పేరు కనపడుతుంది. సొంత ఖాతాకి తీసుకున్న క్యూఆర్ అయితే బ్యాంకు రికార్డులో ఉన్న మనిషి పేరు కనపడుతుంది. బోర్డు మార్చినంత మాత్రాన ఈ రెండూ మారవు.

మర్చంట్ క్యూఆర్ ఇచ్చిన కంపెనీకి ముందే అర్జీ పెట్టండి. అది అయ్యేదాకా స్టాండ్ మీద పెద్దగా రాయండి: "స్కాన్ చేస్తే శ్రీ లక్ష్మి క్లాత్ స్టోర్స్ అని వస్తుంది. అది మాదే." మారిన రోజు ఆ కాగితం తీసేయండి. లేకపోతే కాగితం మీద ఒకటి, ఫోన్లో ఇంకొకటి కనపడి అనుమానం రెట్టింపవుతుంది. పాత క్యూఆర్ పనిచేస్తుందో లేదో ఒక రూపాయి పంపి చూడండి. ఇంట్లో దాచుకున్న పాత బిల్లు మీది క్యూఆర్‌తో డబ్బు పంపే కస్టమర్లు ఉంటారు కాబట్టి ఆ ఖాతా మూయొద్దు.

[తెరపై: కొత్త బోర్డు, కింద సన్నని పట్టీలో పాత పేరు]

వాయిస్: బోర్డు మీద పాత పేరు ఉండాలి, కానీ బోర్డులో భాగంగా వద్దు. కింద విడిగా తీసేయగలిగే పట్టీ కట్టించండి. అక్షరాల సైజుకి బోర్డులు చేసేవాళ్ల లెక్క ఒకటుంది: ప్రతి పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. రోడ్డు అవతలి నుంచి మీ షాపు అరవై అడుగులైతే పాత పేరు అక్షరాలు కూడా ఆరు అంగుళాలు ఉండాలి. రెండంగుళాల్లో వేయిస్తే అది మీకు తప్ప ఎవరికీ కనపడదు. బోర్డు మీద జీఎస్టీ నంబరు కూడా రాయించడం మర్చిపోకండి, నిబంధన ఉంది. పాన్ మారకపోతే ఆ నంబరు పాతదే. ట్రేడ్ నేమ్ మార్పుని మాత్రం పోర్టల్లో GST REG-14 ఫారంతో 15 రోజుల్లోపు ఇవ్వాలి. దాన్ని మీ ఆడిటర్‌కి అప్పగించేయండి.

[తెరపై: గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేజీ]

వాయిస్: గూగుల్ మ్యాప్స్‌లో కొత్త పేజీ తెరవకండి. పాత పేజీలోనే "ఎడిట్ ప్రొఫైల్" నొక్కి పేరు మార్చండి, రివ్యూలు, ఫొటోలు అన్నీ అలాగే ఉంటాయి. కొత్త పేజీ తెరిచి పాతదాన్ని "శాశ్వతంగా మూసివేయబడింది" అని పెడితే, పాత పేరుతో వెతికిన కస్టమర్‌కి కనపడేది ఆ మాటే. ఈ పని బోర్డు మారాకే చేయండి. బయటి బోర్డు మీద ఏ పేరుందో అదే పేజీలో ఉండాలనేది గూగుల్ నియమం, రుజువు అడిగితే బోర్డు ఫొటో చూపించాలి. పేరు గడిలో "చీరంచు (పాత శ్రీ లక్ష్మి)" అని రాయాలనిపిస్తుంది, రాయకండి, పేజీ సస్పెండ్ కావచ్చు. పాత పేరుకి చోటు కింద వివరణలో ఉంది.

[తెరపై: కౌంటర్లో సేల్స్ అమ్మాయి ఫోన్ ఎత్తుతూ]

సేల్స్ అమ్మాయి: చీరంచు అండి, శ్రీ లక్ష్మి క్లాత్ స్టోర్స్. చెప్పండి మేడమ్.

వాయిస్: ఫోన్ ఎత్తినప్పుడల్లా రెండు పేర్లూ. కౌంటర్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, "అమ్మేశారా", "ఇది లక్ష్మీయేనా" అని ఎవరు అడిగినా ఒక గీత గీయమనండి. గీతలు వారం వారం తగ్గాలి. నెల దాటినా తగ్గకపోతే ఎక్కడ తప్పిందో చూడండి. అడిగేవాళ్లు ఫోన్లో ఎక్కువైతే వాట్సాప్ చేరలేదు. షాపులోకొచ్చి అడిగితే పట్టీ కనపడట్లేదు. డబ్బు కట్టేటప్పుడు అడిగితే క్యూఆర్.

పట్టీ ఎప్పుడు తీయాలి? గీతలు ఆగాక కూడా వెంటనే కాదు. ఏడాదికోసారి సంక్రాంతికో, పెళ్లికో మాత్రమే వచ్చే కస్టమర్లు ఇంకా మీ కొత్త బోర్డుని చూసి ఉండరు. ఒక పూర్తి ఏడాది, అంటే వచ్చే ఆషాఢం సేల్ దాకా ఉంచండి. ఆ తర్వాత బోర్డు నుంచి తీసేసినా బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో పాత పేరు వేస్తూనే ఉండండి. ఆ పేరు పూర్తిగా వదిలేస్తే అదే బజారులో నాలుగో లక్ష్మి ఒకటి తెరుచుకోవచ్చు, మీ పాత కస్టమర్లు నేరుగా అందులోకే వెళ్తారు.